గేమ్ కొనే ముందు సెట్టింగ్స్ చూడండి: రంగులు, బటన్లు, ఒంటి చేత్తో ఆట

మిరప చేలో పండిన కాయ నాకు కనబడదు. దగ్గరికెళ్లి ఆకులు పక్కకి తప్పిస్తే తప్ప, ఆకుల పచ్చలో కాయ ఎరుపు కలిసిపోతుంది. చిన్నప్పుడు "కళ్లు ఎక్కడ పెట్టుకున్నావురా" అని అమ్మ తిట్టేది. రైల్వే ఉద్యోగం మెడికల్‌లో చుక్కల బొమ్మల పుస్తకం ముందు పెట్టి అంకెలు చదవమన్నప్పుడుగానీ అసలు సంగతి బయటపడలేదు. ఆ పుస్తకంలో సగం పేజీల్లో నాకు ఏ అంకే కనబడలేదు.

మా చిన్నాన్న కొడుకుది ఇంకో కథ. బైక్ మీద నుంచి పడ్డప్పుడు మెడ నుంచి చేతికి వచ్చే నరాలు తెగిపోయాయి. ఎడమ చెయ్యి భుజం దగ్గర్నుంచి పని చేయదు. అంతకుముందు రాత్రి రెండింటి దాకా ఆటలాడేవాడు. ప్రమాదం తర్వాత ఏడాది పాటు కంట్రోలర్ బీరువాలోనే ఉండిపోయింది.

అందుకే మా ఇంట్లో కొత్త గేమ్ వచ్చిందంటే ట్రైలర్ కంటే ముందు దాని సెట్టింగ్స్ మెనూ వీడియో చూస్తాం. అలా చూడగా చూడగా అర్థమైంది ఒకటే. "కలర్ బ్లైండ్ మోడ్ ఉంది", "బటన్లు మార్చుకోవచ్చు" అని రాసి ఉన్నంత మాత్రాన ఏమీ తేలదు. ఒకే పేరు కింద రెండు మూడు రకాల ఏర్పాట్లు ఉంటాయి. వాటిలో ఏది ఉందో తెలిశాకే డబ్బు పెట్టాలా వద్దా అన్నది తేలుతుంది.

రంగుల సంగతి: ఫిల్టరా, ఎంపికా, ఆకారమా

కలర్ బ్లైండ్ అంటే లోకం నలుపు తెలుపుల్లో కనబడుతుందని చాలామంది అనుకుంటారు. అది చాలా అరుదు. ఎక్కువ మందికి ఎరుపు, పచ్చ మధ్య తేడా పలచబడుతుంది, అంతే. యూరప్ మూలాలున్న మగవాళ్లలో దాదాపు 8 శాతం మందికి, ఆడవాళ్లలో 0.5 శాతం మందికి ఇది ఉంటుంది. మగవాళ్లలోనే ఎక్కువ ఎందుకంటే, దీనికి కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగపిల్లాడికి ఆ క్రోమోజోమ్ తల్లి నుంచే వస్తుంది. మీ అబ్బాయికి అనుమానం ఉంటే ముందు వాడి మేనమామని అడగండి. "మేనమామ పోలిక" అన్న మాట ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది.

గేముల్లో దీనికి మూడు రకాల ఏర్పాట్లు కనిపిస్తాయి. మొదటిది ఫిల్టర్. మెనూలో Deuteranopia, Protanopia, Tritanopia అని మూడు పేర్లు ఉంటాయి. మొదటి రెండూ ఎరుపు పచ్చల ఇబ్బందికి, మూడోది నీలం పసుపుల ఇబ్బందికి. ఒకటి ఎంచుకుంటే స్క్రీన్ మొత్తం రంగు మారుతుంది. మొదటి రెండింట్లో ఎరుపు పచ్చల మధ్య తేడాని నీలం పసుపుల వైపు జరిపే ప్రయత్నం ఇది. చిక్కేమిటంటే, శత్రువుతో పాటు ఆకాశం, గడ్డి, మనుషుల ఒళ్లు అన్నీ జరుగుతాయి. ఒక షూటింగ్ ఆటలో ఫిల్టర్ పూర్తిగా పెంచి చూశాను. శత్రువు పేరు బాగానే కనబడింది, కానీ గడ్డి ఎండుగడ్డి రంగుకి మారి, ఆ గడ్డిలో పడిన మందు డబ్బా కనబడకుండా పోయింది. ఒక చోట తేడా పెరిగితే ఇంకో చోట తగ్గుతుంది. ఫిల్టర్ బలాన్ని 0 నుంచి 100 దాకా జరుపుకునే స్లైడర్ ఉంటే కొంత నయం, ఏ 40 దగ్గరో సర్దుకోవచ్చు. ఆన్, ఆఫ్ మాత్రమే ఉన్న ఫిల్టర్‌ని నేను లేనట్టే లెక్కేస్తాను. ఆ పని ఫోనూ కంప్యూటరూ కూడా చేసిపెడతాయి. విండోస్‌లో Settings, Accessibility, Color filters అన్న దారిలో అదే ఉంది. దాని కోసం గేమ్‌కి ప్రత్యేకంగా మార్కులు వేయక్కర్లేదు.

రెండోది ముఖ్యమైన వాటి రంగు మాత్రమే మార్చుకోనివ్వడం. వాలరెంట్ అనే షూటింగ్ ఆటలో Enemy Highlight Color అని ఉంటుంది. శత్రువు చుట్టూ ఉండే గీత మామూలుగా ఎరుపు, దాన్ని పసుపు గానీ ఊదా గానీ చేసుకోవచ్చు. మిగతా ప్రపంచం ఎలా ఉందో అలాగే ఉంటుంది. నేను పసుపు పెట్టుకుంటాను. ఎరుపు గీత గోధుమ రంగు గోడ ముందు నా కంటికి గోడలో భాగమే. పసుపు అయితే ఎంత మూలన ఉన్నా కంటికి తగులుతుంది. ఓవర్‌వాచ్‌లోనూ శత్రువుల రంగు, మనవాళ్ల రంగు విడివిడిగా ఎంచుకోవచ్చు.

మూడోది, నా లెక్కలో అన్నిటికంటే మేలైనది, సమాచారం రంగు మీదే ఆధారపడకుండా ఉండటం. క్యాండీ క్రష్‌లో ఒక్కో మిఠాయికి ఒక్కో ఆకారం. దాన్ని ఆడటానికి నాకు ఏ మోడూ అక్కర్లేదు. అమాంగ్ అస్‌లో వైర్లు కలిపే పని మొదట్లో రంగుల మీదే నడిచేది, తర్వాత వైర్ల పక్కన గుర్తులు చేర్చారు. గుర్తు ఉంటే రంగు ఎలా కనబడినా ఇబ్బంది లేదు.

కొనే ముందు తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. యూట్యూబ్‌లో ఆ గేమ్ ఆడుతున్న వీడియో పెట్టండి. ట్రైలర్ కాదు, ఎవరో మామూలుగా ఆడుతున్నది. తర్వాత ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో రంగుల ఫిల్టర్‌ని Grayscale చేయండి. తెర నలుపు తెలుపు అవుతుంది. ఇప్పుడు శత్రువెవరో, మనవాడెవరో, ప్రాణం ఎంత మిగిలిందో, ఏ తాళానికి ఏ చెవో చెప్పగలిగితే ఆ గేమ్ దాదాపు ఎవరికైనా సరిపోతుంది. చెప్పలేకపోతే మాత్రం వెంటనే కొట్టేయకండి. ఇది అసలు చూపు కంటే కఠినమైన పరీక్ష. అక్కడే సెట్టింగ్స్‌లో రెండో రకం ఏర్పాటు ఉందేమో వెతకాలి.

పిల్లాడి కోసం కొంటున్న తల్లిదండ్రులు ఒక పొరపాటు చేస్తుంటారు. ఫోన్‌లో Color correction ఆన్ చేసి, "ఓహో, మావాడికి ఇలా కనబడుతుందన్నమాట" అనుకుంటారు. అది వాడికి సాయం చేసేందుకు రంగులు జరిపే ఏర్పాటు, వాడి చూపుని మనకి చూపించేది కాదు. చూపించేది వేరే ఉంది. ఆండ్రాయిడ్ డెవలపర్ ఆప్షన్లలో Simulate color space అని ఉంటుంది. అందులో Deuteranomaly పెట్టి గేమ్ వీడియో చూస్తే వాడి ఇబ్బంది సుమారుగా అర్థమవుతుంది.

ఇంకో తేడా కూడా గుర్తుంచుకోవాలి. నాది Deuteranopia పేరు కిందికి వచ్చే రకం, నాలాంటి వాళ్లకి ఎరుపు వేరే రంగులా కనబడుతుంది కానీ వెలుగు తగ్గదు. Protanopia పేరు కిందికి వచ్చే ప్రోటన్ రకం వాళ్లకి ఎరుపు మసకబారి చీకట్లో కలిసిపోతుంది. నల్లటి తెర మీద ఎర్ర అక్షరాలతో హెచ్చరిక వేసే గేమ్ నాకు ఫరవాలేదు, వాళ్లకి ఆ హెచ్చరిక రానట్టే. అందుకే రివ్యూలో "నాకు కలర్ బ్లైండ్, అయినా బాగానే ఆడాను" అని ఎవరైనా రాస్తే, వాళ్లది ఏ రకమో చూశాకే నమ్మండి.

బటన్లు మార్చుకోవడం: ఎవరు మారుస్తున్నారు

ఇక్కడ మొదటి ప్రశ్న, మార్పు గేమ్ లోపల జరుగుతోందా, బయట జరుగుతోందా అన్నది.

గేమ్ లోపల అయితే మళ్లీ రెండు రకాలు. కొన్నింటిలో తయారుగా ఉన్న నాలుగైదు అమరికలు మాత్రమే ఇస్తారు. "డిఫాల్ట్", "లెఫ్టీ" లాంటి పేర్లుంటాయి. వాటిలో మీకు కావలసింది లేకపోతే అంతే సంగతులు. రెండో రకంలో ఒక్కో పనిని ఒక్కో బటన్‌కి మీరే కట్టుకోవచ్చు. దుకాణం పేజీలో రెండింటికీ దాదాపు ఒకే మాట రాస్తారు. అందుకే మెనూ వీడియోలో కంట్రోల్స్ పేజీ దగ్గర ఆపి చూడాలి. కంట్రోలర్ బొమ్మ, పైన ఎడమ కుడి బాణాలు మాత్రమే కనబడితే అది మొదటి రకం. పనులన్నీ ఒక జాబితాగా ఉండి, పక్కన బటన్ పేరు వెలుగుతూ "ఏదైనా నొక్కండి" అని అడుగుతుంటే రెండో రకం.

గేమ్ బయట మార్చే దారి దాదాపు అన్ని మెషీన్లలోనూ ఉంది. పీఎస్5లో, ఎక్స్‌బాక్స్‌లో, 2020 నుంచి నింటెండో స్విచ్‌లో సిస్టమ్ సెట్టింగ్స్ నుంచే బటన్లు తారుమారు చేయవచ్చు. కంప్యూటర్ మీద, గేములు అమ్మే స్టీమ్ ఈ పనిని ఇంకా బాగా చేస్తుంది. "అయితే గేమ్‌లో లేకపోయినా ఇబ్బంది లేదుగా" అనిపిస్తుంది. ఇబ్బంది ఉంది. బయట మార్చిన సంగతి గేమ్‌కి తెలియదు. మీరు ఎక్స్ బటన్ పనిని ఆర్1కి మార్చుకున్నా, తెర మీద మాత్రం "ఎక్స్ నొక్కు" అనే వస్తుంది. తీరిక ఉన్నప్పుడు అది చిన్న చికాకు. అర సెకనులో నొక్కాల్సిన చోట మెదడు అనువాదం చేసుకునేలోపు ఆట అయిపోతుంది. పైగా కన్సోల్ సెట్టింగ్‌లో చేసిన మార్పు ఒక్క గేమ్‌తో ఆగదు, తర్వాత పెట్టే ప్రతి గేమ్‌కీ అదే వర్తిస్తుంది. స్టీమ్‌లో మాత్రం గేమ్ గేమ్‌కీ విడిగా దాచుకోవచ్చు. ఒకే మెషీన్ ఇద్దరు ముగ్గురు వాడే ఇంట్లో ఈ తేడా చాలా పెద్దది.

బటన్ల స్థానం కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది బటన్ నొక్కే తీరు. పరిగెత్తాలంటే నొక్కి పట్టుకోవాలి, గురి పెట్టాలంటే ఇంకోటి నొక్కి పట్టుకోవాలి, కాల్చాలంటే మూడోది. వేళ్లలో బలం తక్కువున్నవాళ్లకి, చెయ్యి ఒకటే ఉన్నవాళ్లకి ఇక్కడే ఆట ఆగిపోతుంది. కాబట్టి మెనూలో Hold, Toggle అన్న మాటలు వెతకండి. టాగుల్ అంటే ఒకసారి నొక్కితే మొదలు, ఇంకోసారి నొక్కితే ఆపు. అది గురికి ఉందా, పరుగుకి ఉందా, వంగి నడవడానికి ఉందా అని విడివిడిగా చూడాలి. ఒకదానికి ఉంటే అన్నిటికీ ఉంటుందని అనుకోవద్దు. అలాగే తలుపు బద్దలు కొట్టడానికి ఒకే బటన్ని టకటకా ఇరవై సార్లు నొక్కమనే చోట్లు కూడా చూడాలి. 2018 నాటి స్పైడర్‌మ్యాన్‌లో ఆ టకటకని నొక్కి పట్టుకోవడంగా మార్చే సెట్టింగ్ ఉంది. ఇలాంటిది లేని గేమ్‌లో ఎన్ని బటన్లు మార్చుకున్నా ఏదో ఒక తలుపు దగ్గర ఇరుక్కుపోతారు.

మారుస్తానని చెప్పి సగమే మార్చే గేములూ ఉన్నాయి. నడిచేటప్పుడు మన అమరిక పని చేస్తుంది, కారెక్కగానే పాత బటన్లు తిరిగొస్తాయి. లేదంటే మెనూలో ఎస్కేప్, ట్యాబ్ లాంటి కీలు మారవు. కంట్రోలర్ మీద బొటనవేలితో తిప్పే స్టిక్ పనిని ఇంకో స్టిక్‌కి మార్చనివ్వకపోవడం ఇంకా సాధారణం. ఇవి మెనూ వీడియోలో తెలియవు, ఆడితేనే తెలుస్తాయి. అందుకే డబ్బు వెనక్కిచ్చే గడువు గురించి కింద అంతగా చెప్పాల్సి వస్తోంది.

ఒంటి చేత్తో: మూడు గేములు, ఒక కుర్రాడు

మా తమ్ముడి దగ్గరున్నవి ఓ మామూలు లాప్‌టాప్, మౌస్, ఎక్స్‌బాక్స్ తరహా కంట్రోలర్. పక్క వీధిలో స్నేహితుడి పీఎస్4 ఉంది, కావాలంటే నెల పాటు తెచ్చుకోవచ్చు. కుడి చెయ్యి పూర్తిగా బాగుంది. అప్పుడు మేం మూడు గేములు పోల్చి చూశాం.

మొదటిది స్లే ద స్పైర్. పేకముక్కల్లాంటి కార్డులతో రాక్షసుల్ని ఓడించే ఆట. మన వంతు వచ్చినప్పుడు మనం ఆడతాం, మనం ముగించేదాకా ఎదుటివాడు కదలడు. మౌస్ ఒక్కటే చాలు. కార్డు పట్టుకుని లాగి వదలడమే. ఇందులో ఒంటి చేతి మోడ్ అని ఏదీ లేదు, అవసరమూ లేదు. ఆటే అలా కట్టారు. గడియారం లేదు కాబట్టి మధ్యలో ఫోన్ ఎత్తినా, టీ తాగినా ఏమీ కాదు. చెస్, కార్డులు, వంతులవారీ యుద్ధాలు, మౌస్‌తో నొక్కి నడిపించే కథల ఆటలు అన్నీ ఈ కోవలోవే. కొత్తగా ఒంటి చేత్తో మొదలుపెట్టేవాళ్లకి నేను ముందు ఇవే చెబుతాను. మావాడికి నచ్చింది, కానీ వాడి మాటల్లో చెప్పాలంటే "బాగుందన్నా, కానీ ఇది ఆలోచించే ఆట, నాకు కొట్టే ఆట కావాలి."

రెండోది హేడిస్. ఇది నిజంగా కొట్టే ఆట, చుట్టూ పది మంది రాక్షసులు, ఆగితే దెబ్బ. ఒంటి చేతి అమరిక ఇందులో లేదు. బటన్లు మార్చుకోవచ్చు, కానీ అసలు అడ్డంకి ఎడమ స్టిక్. నడక దాని మీద ఉంటుంది, మావాడికి ఆ వైపు చెయ్యి పని చేయదు. స్టీమ్‌లో గేమ్ పేజీ నుంచి కంట్రోలర్ బొమ్మ నొక్కి Edit Layout లోకి వెళ్లి, కుడి స్టిక్ కదిపితే ఎడమ స్టిక్ కదిపినట్టు గేమ్‌కి చేరేలా మార్చాం. నడక కుడి చేతికి వచ్చింది. ఈ ఆటలో కెమెరా పైనుంచి చూస్తుంటుంది, దాన్ని మనం తిప్పక్కర్లేదు. అందుకే కుడి స్టిక్‌ని నడకకి ఇచ్చేయగలిగాం. కెమెరా తిప్పాల్సిన ఆట అయితే ఈ ఉపాయం పారదు.

వెంటనే రెండో అడ్డంకి వచ్చింది. కుడి బొటనవేలు స్టిక్ మీద ఉంది. కొట్టే బటన్, దూకే బటన్ కూడా అదే బొటనవేలి కిందే ఉన్నాయి. కొట్టడానికి వేలు తీస్తే మనిషి ఆగిపోతాడు, ఆగగానే దెబ్బ తింటాడు. అందుకని కొట్టడాన్ని ఆర్‌బీకి, దూకడాన్ని ఆర్‌టీకి మార్చాం. ఇవి రెండూ పైన ఉంటాయి, చూపుడువేలు, నడిమివేలు అందుకుంటాయి. ఆ రెండింటి మీద ముందున్న పనుల్ని తక్కువ అవసరం ఉండే బటన్లకి పంపించాం. తెర మీద వచ్చే బటన్ గుర్తులు ఒకటి, నొక్కేది ఒకటి కాకుండా ఉండాలని ఈ రెండో మార్పులన్నీ స్టీమ్‌లో కాకుండా గేమ్ మెనూలోనే చేశాం. స్టిక్ మాత్రమే బయట మార్చాం. ఇలా రెండు చోట్ల మార్పుల్ని పంచుకోవడం తెలిశాక చాలా గేములు తెరుచుకున్నాయి.

అయినా వేగం వేగమే. అక్కడ హేడిస్‌లోని God Mode పనికొచ్చింది. పేరు చూసి చావే ఉండదనుకోకండి. ఆన్ చేస్తే తగిలే దెబ్బ 20 శాతం తగ్గుతుంది, చచ్చిన ప్రతిసారీ ఇంకో 2 శాతం తగ్గుతూ 80 దాకా వెళ్తుంది. అంటే మన చేతికి ఎంత సాయం కావాలో ఆటే ఆడిస్తూ కనుక్కుంటుంది. మావాడు 40 దాటేసరికి గాడిలో పడ్డాడు. "ఈజీ మోడ్" అని ఒక్క మీట ఇచ్చే గేముల కంటే ఇలా మెల్లగా సర్దే గేమ్‌కి నేను ఎక్కువ విలువిస్తాను.

మూడోది ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2. ఇది 2020లో పీఎస్4 మీద వచ్చినప్పుడు అరవైకి పైగా యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్ ఇచ్చారు. కుడి చేతికి మాత్రమే, ఎడమ చేతికి మాత్రమే అని తయారు అమరికలు రెండూ ఉన్నాయి. అవి నచ్చకపోతే ఒక్కో పనినీ విడిగా మార్చుకోవచ్చు, టచ్‌ప్యాడ్ మీద వేలు జరపడానికి, కంట్రోలర్‌ని ఊపడానికి కూడా పనులు కట్టవచ్చు. అన్నీ గేమ్ లోపలే కాబట్టి తెర మీద గుర్తులు కూడా మన అమరిక ప్రకారమే వస్తాయి.

కానీ ఒంటి చేతి అమరిక ఎంచుకున్నంత మాత్రాన సరిపోదు. మొదటి రోజు మేం అదే తప్పు చేశాం. అమరిక పెట్టి నేరుగా ఆట మొదలుపెట్టాం. ఈ ఆటలో కెమెరా మన వెనక ఉంటుంది, నడుస్తూ చుట్టూ చూడాలి. చెయ్యి ఒకటే, ఒకేసారి కదపగలిగే స్టిక్ ఒకటే. పావుగంటలో వాడు కంట్రోలర్ పక్కన పెట్టేశాడు. తర్వాత మెనూలోకి తిరిగెళ్లి Camera Assist ఆన్ చేశాం. నడిచే వైపుకి కెమెరా తనంతట తాను తిరుగుతుంది. గురి పెట్టగానే శత్రువు మీదకి అంటుకునే Lock-On Aim, అంచుల నుంచి పడిపోకుండా ఆపేది, వస్తువుల్ని తనే ఏరుకునేది, పట్టుకోవాల్సిన వాటిని టాగుల్‌గా మార్చేవి ఒక్కొక్కటిగా కలిపాం. అప్పుడుగానీ అది ఆడదగ్గ ఆట కాలేదు. చేతుల ఇబ్బంది ఉన్నవాళ్ల కోసం ఇవన్నీ ఒక్క దెబ్బకి ఆన్ చేసే ప్రీసెట్ కూడా అందులో ఉంది. ముందు అది పెట్టి, అక్కర్లేనివి తర్వాత తీసేయడం తేలికని మాకు ఆలస్యంగా తెలిసింది.

మూడింటినీ పక్కపక్కన పెడితే నా తీర్పు ఇది. చెయ్యి త్వరగా అలిసిపోయేవాళ్లు, ఈ మధ్యే దెబ్బ తగిలి కోలుకుంటున్నవాళ్లు స్లే ద స్పైర్ లాంటిది కొనండి. వేగం కావాలి, కంప్యూటర్ ఉంది, మార్పులు చేసుకునే ఓపిక ఉంది అంటే హేడిస్. కథ కావాలి, ఓ గంట సెట్టింగ్స్‌లో కూర్చోగలం అంటే ద లాస్ట్ ఆఫ్ అస్. మావాడు చివరికి సొంతంగా కొన్నది హేడిస్. దానిలో ఒక్కో విడత అరగంటలో ముగుస్తుంది, చేతికి అంతే సరిపోతుంది.

ఆ అరగంట మాట ఊరికే అనలేదు. ఒంటి చేతి అమరికల గురించి రాసేవాళ్లెవరూ చెప్పని సంగతి, కంట్రోలర్ బరువు కూడా ఆ చెయ్యే మోయాలి. రెండు చేతులు పంచుకున్న పని ఒక బొటనవేలి మీద పడుతుంది. నలభై నిమిషాలు దాటితే మావాడికి మణికట్టు లాగేస్తుంది. ఉన్న ఒక్క చెయ్యి కూడా పాడైతే అన్నం కలుపుకోవడమూ కష్టమే. కంట్రోలర్‌ని తొడ మీద పెట్టి, కింద వంటింటి సొరుగుల్లో పరిచే జారని మ్యాట్ ముక్క వేశాం. సగం బరువు దిగింది. గేమ్ ఎప్పుడంటే అప్పుడు సేవ్ చేసుకోనిస్తుందా అన్నది కూడా అందుకే ముందే చూడాలి.

ప్రత్యేక కంట్రోలర్లు ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ 2018లో ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చింది, రెండు పెద్ద బటన్లు, వెనక వరసగా బయటి స్విచ్‌లు గుచ్చుకునే రంధ్రాలు. సోనీ 2023లో పీఎస్5 కోసం యాక్సెస్ కంట్రోలర్ తెచ్చింది. ఒక చెయ్యి పూర్తిగా బాగున్నవాళ్లు వాటికి వెంటనే డబ్బు పెట్టకండి, ముందు పైన చెప్పిన మార్పులు చేసి చూడండి. వేళ్లే సరిగా కదలని వాళ్ల లెక్క వేరు, వాళ్లకి ఆ పెద్ద బటన్లే దారి. ఖర్చు లేని ఇంకో దారి, ఇద్దరు కలిసి ఒక ఆట ఆడటం. ఎక్స్‌బాక్స్‌లో 2017 నుంచి, పీఎస్5లో 2023 నుంచి రెండు కంట్రోలర్లు కలిపి ఒకటిగా పని చేయించవచ్చు. కష్టమైన చోట చెల్లెలు కెమెరా తిప్పితే అన్న కొడతాడు. మా ఇంట్లో దీని వల్ల గొడవలు కూడా బాగానే అయ్యాయి.

ఎక్కడ చూడాలి, ఎక్కడ కొనాలి

ఎక్స్‌బాక్స్ దుకాణంలో 2021 నుంచి, పీఎస్5 దుకాణంలో 2023 నుంచి గేమ్ పేజీలో యాక్సెసిబిలిటీ ట్యాగులు కనిపిస్తాయి. స్టీమ్ 2025లో మొదలుపెట్టింది. స్టీమ్‌లో Color Alternatives, Mouse Only Option, Playable without Timed Input అనే మూడు ఈ వ్యాసం చదివేవాళ్లకి ఎక్కువ పనికొస్తాయి. చివరి రెండూ ఉన్న గేమ్ అయితే ఒంటి చేతి వాళ్లు దాదాపు కళ్లు మూసుకుని కొనొచ్చు. ట్యాగ్ లేకపోతే సౌకర్యం లేదని కాదు, పాత గేములకి చాలామంది నింపలేదు. ట్యాగ్ ఉంటే ఉందని తెలుస్తుంది గానీ ఏ రకంగా ఉందో తెలియదు. అందుకు యూట్యూబ్‌లో గేమ్ పేరు పక్కన accessibility options అని కొట్టి మెనూ వీడియో చూడటమే మార్గం. ఐదు నిమిషాల పని.

ఆడితేగానీ తెలియనివి కొన్ని మిగులుతాయి కాబట్టి, ఒకే గేమ్ రెండు చోట్ల దొరికితే వెనక్కిచ్చే నియమం చూసి కొనండి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల్లోపు అయితే డబ్బు తిరిగిస్తారు. ప్లేస్టేషన్ దుకాణంలోనూ 14 రోజులే గానీ, డౌన్‌లోడ్ మొదలుపెట్టారంటే మామూలుగా ఇవ్వరు. అంటే పెట్టి చూసే వీలే లేదు. అందుకే కన్సోల్ మీద అనుమానం ఉన్న గేమ్ అయితే డిజిటల్‌గా కాకుండా డిస్క్ కొనండి, అదీ సెకండ్ హ్యాండ్. కుదరకపోతే దాదాపు అదే ధరకి ఇంకొకరికి అమ్మేయొచ్చు. మేం ద లాస్ట్ ఆఫ్ అస్ అలాగే తెచ్చి, అయ్యాక అలాగే అమ్మేశాం.

స్టీమ్ రెండు గంటల్ని ఎలా వాడాలన్నది కూడా ముఖ్యమే. గేమ్ తెరిచి ఉన్నంత సేపూ గడియారం నడుస్తూనే ఉంటుంది, మెనూలో కూర్చున్నా, ఆపి అన్నం తిని వచ్చినా. కాబట్టి ఏ బటన్‌కి ఏ పనో ముందే కాగితం మీద రాసుకోండి. తెరవగానే నేరుగా సెట్టింగ్స్‌కి వెళ్లి అవి పెట్టేయండి. కొన్ని గేములు సెట్టింగ్స్ చూపించకుండానే పది నిమిషాల కథలోకి తోసేస్తాయి, అలాంటి చోట పాజ్ నొక్కి చూడండి. తర్వాత మొదటి నిజమైన పోరాటం దాకా ఆడండి. శిక్షణ భాగం సులువుగా ఉంటుంది, దాన్ని చూసి నిర్ణయించవద్దు. గంటన్నర దగ్గర ఆపి తేల్చుకోండి. మావాడు హేడిస్‌ని 58 నిమిషాలకే తేల్చేశాడు. దానికి ముందు తెచ్చిన ఒక కార్ల గేమ్‌ని మాత్రం 20 నిమిషాలకే వెనక్కిచ్చాడు. అందులో స్టీరింగ్ ఎడమ స్టిక్ నుంచి కదలలేదు, స్టీమ్‌లో మారిస్తే మెనూలు పని చేయడం మానేశాయి.

ఇప్పుడు వాడి కన్ను మారియో కార్ట్ 8 డీలక్స్ మీద పడింది. అందులో Auto-Accelerate పెడితే బండి తనే పరిగెడుతుంది, Smart Steering పెడితే రోడ్డు దిగదు. ఇక మిగిలేది తిప్పడం, వస్తువులు విసరడం. ఆ రెండూ ఒంటి చేత్తో కుదురుతాయా అన్నది స్విచ్ ఉన్న వాళ్లింట్లో ఒక ఆదివారం కూర్చుంటే తేలిపోతుంది. కొనేది ఆ తర్వాతే.